నేల మీద పొడుగ్గా పడిన ఫోటోగ్రాఫర్ నీడను తొలగించడం: తల దగ్గర వెలుగు పెంచాలి, కాళ్ల దగ్గర క్లోన్ చేయాలి

పొద్దు వాలే వేళ సూర్యుణ్ణి వీపున పెట్టుకుని తీసిన ఫోటోలో మన నీడ కింది అంచు నుంచి లోపలికి సాగి కూర్చుంటుంది. కాళ్లు ఫ్రేము అడుగున మొదలవుతాయి, తల మధ్య దాకా వెళ్తుంది, కెమెరా పట్టుకున్న మోచేతులు రెండు పక్కలా త్రికోణాల్లా పొడుచుకొస్తాయి. దీన్ని తీసేయడానికి చాలామంది నేరుగా క్లోన్ స్టాంప్ పట్టుకుని పక్కనున్న ఎండ నేలను నీడ మీద మొత్తంగా పూసేస్తారు. చిన్న నీడకైతే సరిపోతుంది. పొడుగు నీడకు ఆ పని చేస్తే నేల మీద మనిషి ఆకారంలో ఒక నకిలీ మడి తయారవుతుంది. అవే గులకరాళ్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, నీడలో ఉన్న అసలు వివరాలు పోతాయి.

నీడ పడిన చోట నేల మాయమైపోలేదు. దాని మీద నేరుగా ఎండ పడటం లేదు గానీ, ఆకాశం వెలుగు పడుతూనే ఉంది. రాళ్లూ గడ్డీ జాడలూ అన్నీ ఫైల్లో ఉన్నాయి, కాస్త చీకటిగా, కాస్త నీలంగా. కాబట్టి ముందు మాస్కు పెట్టి ఆ నేలను వెలిగించాలి. వెలుగు పెంచినా అతుకు కుదరని చోట్ల మాత్రమే క్లోన్ చేయాలి. ఆ రెండు రకాల చోట్లు ఎక్కడెక్కడ వస్తాయో ముందే చెప్పవచ్చు. అది తెలిస్తే పని సగానికి తగ్గుతుంది.

తలకీ కాళ్లకీ తేడా ఎందుకు

ఫోటోగ్రాఫర్ నీడకు మిగతా నీడలకు లేని ఒక లక్షణం ఉంది. కెమెరా ఉన్నదే ఆ నీడ వేస్తున్న మనిషి కంటి దగ్గర. అంటే నీడలో తల ఉన్న చోటు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కు. అక్కడి నేలను మనం చూస్తున్న దిశా, ఎండ పడుతున్న దిశా ఒకటే. అలాంటి చోట ప్రతి గులకరాయి తన చిన్న నీడను తన వెనకే దాచుకుంటుంది, కెమెరాకు అది కనిపించదు. అందుకే నీడ తల చుట్టూ ఉన్న ఎండ నేల మెత్తగా, ఎత్తుపల్లాలు లేనట్టుగా, చుట్టుపక్కల కంటే కాస్త ఎక్కువ కాంతిగా ఉంటుంది. మంచు పట్టిన గడ్డి మీదైతే తల చుట్టూ తెల్లటి వెలుగు వలయమే కనిపిస్తుంది.

దీని వల్ల మనకు కలిగే లాభం పెద్దది. నీడలోని నేలకు ఎండ తగలదు కాబట్టి అందులో చిన్న చిన్న రాళ్ల నీడలు ఉండవు. మామూలుగా ఏ చెట్టు నీడనో వెలిగిస్తే ఇదే లోపం బయటపడుతుంది. రంగు కుదిరినా, గరుకు లేక బల్లపరుపుగా కనిపిస్తుంది. మన నీడ తల దగ్గర మాత్రం చుట్టూ ఉన్న ఎండ నేలలోనూ ఆ చిన్న నీడలు కనిపించడం లేదు. అందుకే అక్కడ వెలుగు పెంచితే చాలు, చక్కగా కలిసిపోతుంది.

కాళ్ల వైపు దిగేకొద్దీ పరిస్థితి మారుతుంది. అక్కడి నేలను మనం ఏటవాలుగా పైనుంచి చూస్తాం, ఎండ మాత్రం అదే వాలులో పడుతూ ఉంటుంది. రెండు దిశలూ వేరయ్యాయి కాబట్టి ఎండ నేలలోని రాళ్ల వెనక చిన్న నీడలు బయటికి కనిపిస్తాయి, నీడలోని నేలలో కనిపించవు. కాళ్ల దగ్గర ఎంత వెలుగు పెంచినా ఆ గరుకు రాదు. దాన్ని పక్కనుంచి తెచ్చి పెట్టాల్సిందే.

మన ఫోటో

ఒక ఫోటోను పట్టుకుని చివరిదాకా చేద్దాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 24 మిల్లీమీటర్ల లెన్స్, 6000 × 4000 పిక్సెళ్లు. కెమెరా నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో, అటూ ఇటూ ఒరగకుండా సమంగా ఉంది. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల పైన ఉన్నాడు. ముందంతా గులకరాళ్లున్న మట్టి నేల, అక్కడక్కడా ఎండుగడ్డి దుబ్బులు, దూరంగా ఒంటరి చెట్టు. నీడ నడుము దగ్గర ఒక టైరు జాడ ఎడమ నుంచి కుడికి అడ్డంగా పోతుంది.

సూర్యుడు 10 డిగ్రీల మీదుంటే నీడ మన ఎత్తుకు 5.7 రెట్లు సాగుతుంది. మనిషి 1.7 మీటర్లైతే నీడ దాదాపు 9.6 మీటర్లు. ఫోటోలో మాత్రం తల దిగంతం గీత నుంచి సుమారు 700 పిక్సెళ్ల కిందే ఉంటుంది. పాదాలు ఫ్రేములోకి రావు, మోకాళ్ల పై నుంచి మాత్రమే నీడ కనిపిస్తుంది. అంటే మనం బాగుచేయాల్సింది ఫ్రేము అడుగు నుంచి 1300 పిక్సెళ్ల ఎత్తు వరకు ఉన్న ముక్క.

ఇక్కడ అంచు మాట చెప్పుకోవాలి. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే ఏ నీడ అంచూ కత్తితో కోసినట్టుండదు, మసకగా మారుతుంది. నీడ వేస్తున్న భాగం నేలకు ఎంత దూరంలో ఉంటే ఆ మసక అంత వెడల్పు. మన ఫోటోలో తల పక్కల అంచు నేల మీద దాదాపు 9 సెంటీమీటర్ల మేర మసకబారుతుంది. తొడ దగ్గర 3 సెంటీమీటర్లే. అయితే తల దూరంగా ఉంది, తొడ నీడ దగ్గరగా ఉంది. కెమెరా నుంచి చూస్తే రెండూ ఇంచుమించు అదే అర డిగ్రీగా వస్తాయి. ఈ లెన్స్‌తో, ఈ పిక్సెళ్లతో అది 35 నుంచి 40 పిక్సెళ్లు. మాస్కు అంచు ఎంత మెత్తగా ఉండాలో దీన్నిబట్టి ముందే తెలిసిపోతుంది. లెన్స్ 50 మిల్లీమీటర్లయితే ఇంచుమించు దానికి రెట్టింపు వేసుకోండి.

కెమెరాను బాగా కిందికి వంచి, పాదాలు కూడా ఫ్రేములో పడేలా తీసిన ఫోటోలో మాత్రం ఈ లెక్క కుదరదు. పాదాల దగ్గర అంచు చాలా పదునుగా ఉంటుంది, అక్కడ మాస్కు అంచు కూడా విడిగా పదును చేయాలి.

పని మొదలుపెట్టే ముందు

రా ఫైల్ ఉంటే అదే తీసుకోండి. వైట్ బ్యాలెన్స్, లెన్స్ దిద్దుబాటు, నాయిస్ తగ్గింపు రా కన్వర్టర్లోనే ముగించండి. క్లారిటీ, డీహేజ్, షార్పెనింగ్, విన్యెట్ మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. క్లారిటీ నీడ అంచున తెల్లటి గీత పుట్టిస్తుంది. ఒకసారి వచ్చాక దాన్ని తీయడం నీడను తీయడం కంటే కష్టం. రా కన్వర్టర్లో షాడోస్ స్లయిడర్‌ను మొత్తం ఫోటోకు పెంచడం కూడా ఇక్కడ పనికిరాదు, చెట్టు మొదలూ దుబ్బుల అడుగులూ అన్నీ తేలిపోతాయి.

ఫోటోషాప్‌లోకి 16 బిట్లలో తెరవండి. జేపెగ్ తప్ప ఇంకేమీ లేకపోయినా ఇదే పద్ధతి నడుస్తుంది. కానీ నీడలో ఉన్న రంగు మెట్లు తక్కువ కాబట్టి వెలుగు పెంచినప్పుడు మచ్చలు మచ్చలుగా విడిపోవచ్చు. అప్పుడు క్లోన్ చేసే భాగం పెరుగుతుంది.

వార్తా పత్రికకో, అలాంటి పోటీకో పంపే ఫోటో అయితే ఇక్కడే ఆగిపోండి. అక్కడ ఫ్రేములో ఉన్నదాన్ని తీసేయడానికి ఒప్పుకోరు.

మొదటి అడుగు: జతలుగా రంగు కొలవడం

వెలుగు ఎంత పెంచాలో కంటితో ఊహించవద్దు, కొలవండి. ఐడ్రాపర్ తీసుకుని పైన Sample Size దగ్గర 31 by 31 Average పెట్టండి. ఒక్క పిక్సెల్ చదివితే అది రాయిదో మట్టిదో తెలియదు, 31 పిక్సెళ్ల చదరపు సగటు తీసుకుంటే నేల అసలు రంగు వస్తుంది. Shift పట్టుకుని నీడ లోపల ఒక చోట, దానికి పక్కనే ఎండలో ఒక చోట నొక్కండి. రెండు గుర్తులు పడతాయి, వాటి విలువలు Info ప్యానెల్లో కనిపిస్తూ ఉంటాయి. రెండూ ఒకే రకం మట్టి మీద, ఒకే అడ్డ వరుసలో ఉండాలి. అంచు మసకలో పడకూడదు.

ఇలాంటి జత ఒకటి తల దగ్గర, ఒకటి తొడల దగ్గర పెట్టండి. మన ఫోటోలో తల దగ్గర నీడ విలువలు ఎరుపు 104, ఆకుపచ్చ 98, నీలం 92. పక్కన ఎండలో ఎరుపు 178, ఆకుపచ్చ 152, నీలం 118. ఎరుపు 74 పెరగాలి, నీలం 26 పెరిగితే చాలు. మూడు చానళ్లనూ ఒకేలా పెంచితే నీడ పోయి, దాని స్థానంలో నీలం ఛాయ ఉన్న మనిషి ఆకారం మిగిలేది ఇందుకే.

తొడల దగ్గర నీడ విలువలు దాదాపు అవే, కానీ పక్కన ఎండ నేల 166, 143, 114. తల దగ్గరకంటే కాస్త తక్కువ. తల చుట్టూ నేల ఎక్కువ కాంతిగా ఉంటుందని పైన చెప్పుకున్నది అంకెల్లో ఇలా కనిపిస్తుంది.

రెండో అడుగు: కర్వ్స్ లేయర్, దాని మాస్కు

ఫోటో మీద ఒక కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేయండి. RGB అని ఉన్న చోట Red ఎంచుకుని గీత మీద ఒక చుక్క పెట్టి, Input 104, Output 178 అని టైప్ చేయండి. Green లో 98, 152. Blue లో 92, 118. ఫోటో మొత్తం వెలిగిపోతుంది, కంగారు పడొద్దు. ఇప్పుడు మాస్కు మీద ఉండగా Ctrl+I నొక్కితే మాస్కు నల్లగా మారి అంతా మామూలు స్థితికి వస్తుంది.

ఇప్పుడు లాసోతో గానీ పెన్ టూల్‌తో గానీ నీడ చుట్టూ గీయండి. గీత ఎక్కడ పోవాలన్నదే ఇక్కడ అసలు విషయం. నీడ పూర్తి చీకటిగా ఉన్న చోటా కాదు, పూర్తి ఎండ మొదలైన చోటా కాదు. మసకకు సరిగ్గా మధ్యలో పోవాలి. 100 శాతం జూమ్‌లో ఆ 40 పిక్సెళ్ల పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది, దాని మధ్యనే నడవండి. మోచేతుల త్రికోణాలు, కాళ్ల మధ్య ఎండ పడిన సందు మరిచిపోవద్దు. ఎంచుకున్న భాగాన్ని మాస్కులో తెలుపుతో నింపి, Properties ప్యానెల్లో Feather స్లయిడర్ జరపండి. మసక వెడల్పులో పావు వంతుతో మొదలుపెట్టడం మంచిది, అంటే మనకు 9 లేదా 10 పిక్సెళ్లు. మెత్తదనం ఆ అంకెకు దాదాపు రెట్టింపు మేర గీతకు రెండు వైపులా పాకుతుంది కాబట్టి పావు వంతే సరిపోతుంది.

ఇప్పుడు అంచు వెంట చూసుకుంటూ వెళ్లండి. నీడ బయట వైపు తెల్లటి అంచు కనిపిస్తే మాస్కు ఎండలోకి చొచ్చుకుపోయిందన్నమాట. లోపలి వైపు చీకటి గీత మిగిలితే మాస్కు నీడ అంచుదాకా రాలేదన్నమాట. రెండింటికీ మందు ఒకటే. మెత్తటి బ్రష్, ఫ్లో 10 శాతం, మాస్కు మీదే నలుపుతోనో తెలుపుతోనో కొద్దికొద్దిగా సర్దడం. Alt పట్టుకుని మాస్కు బొమ్మ మీద నొక్కితే మాస్కు ఒక్కటే తెర మీదికి వస్తుంది, గీత ఎక్కడ వంకర పోయిందో అక్కడ కనిపిస్తుంది.

తరువాత తొడల భాగం. కర్వ్ తల దగ్గరి అంకెలకు పెట్టాం కాబట్టి కింద అది ఎక్కువవుతుంది. ఎరుపు 178కి వెళ్తుంది, మనకు కావలసింది 166. కింద మాస్కు పూర్తి తెలుపు కాకుండా దాదాపు 84 శాతం ఉంటే సరిపోతుంది, అంటే 255లో 214 విలువున్న లేత బూడిద రంగు. నడుము నుంచి కిందికి ఈ మార్పు మెల్లగా రావాలి. నీడ ఆకారాన్ని మాస్కు నుంచే మళ్లీ ఎంపికగా తెచ్చుకుని, అంటే Ctrl పట్టుకుని మాస్కు బొమ్మ మీద నొక్కి, ఆ ఎంపికలో పైనుంచి కిందికి తెలుపు నుంచి లేత బూడిదకు గ్రేడియంట్ లాగితే సరి. ఎంపిక అంచు ముందే మెత్తగా ఉంది కాబట్టి దాని మీద ఇంకో తెలుపు పొర పడితే అంచు కాస్త వెడల్పవుతుంది. అందుకే గ్రేడియంట్ లాగేముందు Ctrl+D తో ఎంపికను తీసేసి, మాస్కు మొత్తాన్ని మళ్లీ నల్లగా నింపి, Ctrl+Shift+D తో ఎంపికను తిరిగి తెచ్చుకోండి. Feather స్లయిడర్‌ను కూడా సున్నాకు దించండి. లేకపోతే ఒకే మెత్తదనం రెండుసార్లు పడుతుంది.

ఈ దశ ముగిసేసరికి తల, భుజాలు, మోచేతులు చాలావరకు కలిసిపోయి ఉండాలి. టైరు జాడ ఎడమ నుంచి కుడికి తెగకుండా కనిపించాలి. మొత్తం క్లోన్ చేసి ఉంటే ఈ జాడను చేత్తో మళ్లీ గీయాల్సి వచ్చేది, ఇప్పుడు అది అసలుదే. క్లోన్‌కు వెళ్లకముందే ఈ కర్వ్‌ను మీకు తృప్తి కలిగేదాకా సర్దుకోండి. తరువాత దీన్ని కదిపితే, పైన వేసిన క్లోన్ ముక్కలు దాంతోపాటు మారవు. మళ్లీ మొదటికొస్తుంది.

మూడో అడుగు: అంచు వెంట క్లోన్

కర్వ్స్ లేయర్ పైన ఒక ఖాళీ లేయర్ తెరవండి. క్లోన్ స్టాంప్ తీసుకుని Sample దగ్గర Current & Below ఎంచుకోండి, Aligned టిక్ పెట్టండి. పక్కనే అడ్జస్ట్‌మెంట్ లేయర్లను వదిలేసే బటన్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే వెలిగించక ముందటి చీకటి నేలే బ్రష్‌లోకి వస్తుంది. ఖాళీ లేయర్ కర్వ్స్ కిందకు జారితే ఇంకో చిక్కు. ఎండ నేల నుంచి తెచ్చి పూసిన చోట కూడా కర్వ్ పడి తెల్లబారిపోతుంది.

బ్రష్ వెడల్పు మసకకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, అంటే 60 నుంచి 80 పిక్సెళ్లు. హార్డ్‌నెస్ 50, 60 శాతం మధ్య. ఒపాసిటీ 100. ఒపాసిటీ తగ్గించి మెల్లగా పూస్తే బాగా కలుస్తుందని అనిపిస్తుంది, నిజానికి జరిగేది దానికి తిరుగుడు. సగం ఒపాసిటీతో రాయి మీద రాయి పడితే రెండూ కలిసి ముద్దవుతాయి. ఆ పట్టీ అంతా తడి గుడ్డతో తుడిచినట్టు మెత్తబడిపోతుంది. నేల గరుకు బతకాలంటే పూర్తి ఒపాసిటీతో చిన్న చిన్న తాకుళ్లే మంచివి.

మూలాన్ని ఎక్కడ తీసుకోవాలన్నది బ్రష్ అంకెలకంటే ముఖ్యం. ఎప్పుడూ అదే అడ్డ వరుసలోంచి తీసుకోండి. పైనుంచి తెస్తే రాళ్లు చిన్నవవుతాయి, కిందనుంచి తెస్తే పెద్దవవుతాయి, ఫోకస్ కూడా తేడా పడుతుంది. అంచు నుంచి 150 నుంచి 300 పిక్సెళ్ల దూరంలో Alt పట్టుకుని నొక్కండి. మరీ దగ్గరైతే పునరావృతం కంటికి ఇట్టే దొరుకుతుంది. మరీ దూరమైతే రెండు చిక్కులు. నేల కాంతి తగ్గుతుంది, రాళ్ల వెనక చిన్న నీడల దిశ కూడా మారుతుంది. ఆ చిన్న నీడలన్నీ మన నీడ తల వైపు కేంద్రీకరించి వాలి ఉంటాయి. ఎడమ చివర ఉన్నవి కుడికి వాలతాయి, కుడి చివర ఉన్నవి ఎడమకు వాలతాయి. ఎడమ చివరి నేలను తెచ్చి మధ్యలో పెడితే ఎండ వేరే దిక్కు నుంచి వచ్చినట్టుంటుంది. చూసేవారికి కారణం తెలియదు గానీ ఏదో తేడా ఉందని మాత్రం తెలుస్తుంది.

అంచు వెంట సన్నటి చీకటి గీత మాత్రమే మిగిలి, మిగతా అంతా బాగుంటే, క్లోన్ స్టాంప్ మోడ్‌ను Normal నుంచి Lighten కు మార్చండి. మూలం కంటే చీకటిగా ఉన్న పిక్సెళ్లు మాత్రమే మారతాయి, వెలుగులో ఉన్న రాళ్లు అలాగే ఉంటాయి. తెల్లటి గీత అయితే Darken. అయితే Lighten తో ఒకే చోట పదే పదే పూస్తే సహజమైన చిన్న నీడలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి, కాబట్టి ఒక్క గీతకు ఒక్కసారే.

టైరు జాడను అంచు దాటే రెండు చోట్లా కాస్త నెమ్మదించండి. మూలాన్ని ఆ జాడ మీదే, దాని గాడి అంచున సరిగ్గా పెట్టి నొక్కాలి. తరువాత మొదటి తాకుడు కూడా జాడ మీద అదే గాడి అంచున పడాలి. అలా చేస్తే గీత ఒక పిక్సెల్ కూడా జరగదు. గీత కలిసిపోయాక మాత్రమే పైకీ కిందికీ పూయండి.

నాలుగో అడుగు: తొడల దగ్గర ముక్కలు తెచ్చి అతకడం

ఫ్రేము అడుగున ఉన్న భాగం ఇప్పుడు రంగు కుదిరి ఉంటుంది, కానీ దగ్గరగా చూస్తే రెండు కాళ్ల ఆకారంలో గరుకు లేని మెత్తటి పట్టీలు కనిపిస్తాయి. ఇక్కడ చిన్న బ్రష్‌తో కూర్చుంటే పని తెగదు. పెద్ద ముక్క తెచ్చి మాస్కుతో అతకడం మంచిది.

కాలు పట్టీ వెడల్పు 200, 250 పిక్సెళ్లు ఉంటుంది. దాని పక్కనే, అదే వరుసలో, దానికంటే కాస్త వెడల్పైన ఎండ నేలను లాసోతో ఎంచుకోండి. చతురస్రంగా కాకుండా వంకరటింకరగా, దుబ్బుల అంచులూ రాళ్ల అంచులూ పట్టుకుని గీయండి. ఫోటో లేయర్ మీద ఉండగా Ctrl+J నొక్కితే ఆ ముక్క కొత్త లేయర్ అవుతుంది. దాన్ని లేయర్ల వరుసలో అన్నింటికంటే పైకి జరపండి. కర్వ్స్ కింద ఉంటే ఎండ నేలకు మళ్లీ వెలుగు పడి తెల్లబారిపోతుంది. తరువాత మూవ్ టూల్‌తో అడ్డంగా మాత్రమే కాలి పట్టీ మీదికి జరపండి. Shift పట్టుకుంటే పైకీ కిందికీ కదలదు.

కుడి కాలికి ఎడమ వైపు నేల కావాల్సి వస్తే Edit లో Transform, Flip Horizontal వాడండి. నీడ అక్షానికి రెండు పక్కలా ఎండ వాలు అద్దంలో చూసినట్టు ఉంటుంది కాబట్టి తిప్పిన ముక్కలో చిన్న నీడల వాలు సరిగానే కుదురుతుంది. మామూలు ఫోటోల్లో తిప్పితే ఎండ దిశ చెడుతుంది, ఇక్కడ తిప్పితేనే బాగుపడుతుంది. సూర్యుడు సరిగ్గా వీపు వెనక ఉండటం వల్ల దొరికిన వెసులుబాటు ఇది.

ఆ ముక్క లేయర్ మీద ఉండగా Alt పట్టుకుని మాస్కు బటన్ నొక్కితే నల్లని లేయర్ మాస్కు వస్తుంది, ముక్క మాయమవుతుంది. ఇప్పుడు 60 శాతం హార్డ్‌నెస్ ఉన్న తెల్ల బ్రష్‌తో అవసరమైన చోటే బయటికి తీసుకురండి. అంచును సూటిగా పోనివ్వొద్దు. రాయి దగ్గర రాయి చుట్టూ తిరగండి, దుబ్బు దగ్గర దుబ్బు అంచున ఆపండి. వెలిగించిన అసలు నేలలో గుర్తుపట్టగలిగే పెద్ద రాళ్లు ఉంటే వాటిని కప్పొద్దు, చుట్టూ ఉన్న మట్టినే మార్చండి. ఫోటోలో ఉన్నది ఉన్నట్టే నిలుస్తుంది, కొత్తగా వచ్చింది గరుకు మాత్రమే.

తెచ్చిన ముక్క కాంతి కాస్త తక్కువైతే దాని పైన ఇంకో కర్వ్స్ లేయర్ వేసి, రెండు లేయర్ల మధ్య గీత మీద Alt పట్టుకుని నొక్కండి. ఆ కర్వ్ కింది ముక్కకు మాత్రమే పనిచేస్తుంది. మళ్లీ 31 by 31 సగటుతో పక్క నేలనూ ముక్కనూ చదివి, తేడా రెండు మూడు అంకెల లోపుకు వచ్చేదాకా సర్దండి.

జింప్ వాడేవారికి

దారి ఇదే, కొన్ని మెట్లు వేరు. ఫోటో లేయర్‌ను డూప్లికేట్ చేసి, ఆ పై లేయర్ మీద Colors లోని Curves తో మూడు చానళ్లనూ విడివిడిగా పెంచండి. తరువాత దానికి నల్లని లేయర్ మాస్కు పెట్టి నీడ ఆకారాన్ని తెల్లగా నింపండి. మెత్తదనం కోసం మాస్కు మీదే Gaussian Blur వేయండి. క్లోన్ కోసం పైన పారదర్శక లేయర్ తెరిచి, క్లోన్ టూల్‌లో Sample merged టిక్ పెట్టండి, Alignment లో Aligned ఎంచుకోండి. మూలం గుర్తించడానికి Alt కాదు, Ctrl నొక్కాలి.

అతుకు కనబడుతోందా

పని అయిందనుకున్నాక అన్నింటి పైన ఒక తాత్కాలిక కర్వ్స్ లేయర్ వేసి, నేల టోన్లు ఉన్న ప్రాంతంలో గీతను బాగా నిటారుగా చేయండి. మామూలుగా కంటికి చిక్కని రెండు మూడు అంకెల తేడాలు ఇప్పుడు మచ్చలుగా బయటపడతాయి. నీడ ఆకారం మసకగానైనా కనిపిస్తే ఏ వైపు తప్పిందో మాస్కు మీద సర్దండి. దాని పైన ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ వేస్తే రంగు సంగతి పక్కనబెట్టి కాంతిని విడిగా చూడవచ్చు. ఆ రెండింటినీ తీసేసి, బదులుగా శాచురేషన్ బాగా పెంచిన లేయర్ వేస్తే నీలం ఛాయ మిగిలిన చోట్లు దొరుకుతాయి. నీలం ఎక్కువగా మిగిలేది మసక పట్టీలోనే. అక్కడ కొత్త ఖాళీ లేయర్ మీద, బ్లెండ్ మోడ్ Color పెట్టి, పక్క నేల రంగును తక్కువ ఫ్లోతో పూస్తే పోతుంది.

పునరావృతాన్ని పట్టుకోవాలంటే ఫోటోను చిన్నగా చేసి, అడ్డంగా తిప్పి చూడండి. అలవాటైన చూపు తప్పుతుంది, ఒకే తెల్లరాయి మూడు చోట్ల ఉంటే వెంటనే దొరుకుతుంది. దొరికిన రాయిని పూర్తిగా తుడిచేయక్కర్లేదు, ఒకదాన్ని సగం మట్టితో కప్పితే చాలు.

వెలిగించిన భాగంలో నాయిస్ పక్క నేలకంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. మట్టి మీద, గులకరాళ్ల మీద దాన్ని ఎవరూ గుర్తించరు. నున్నటి సిమెంటు నేల మీదైతే గుర్తిస్తారు. అక్కడ ఆ భాగానికి మాత్రమే, అదే మాస్కును కాపీ చేసుకుని, కొంచెం నాయిస్ తగ్గింపు పెట్టాలి.

ఈ పద్ధతి ఎక్కడ మారుతుంది

మన నీడ వేరే నీడ మీద పడితే, ఉదాహరణకు పక్కనున్న కంచె నీడను దాటితే, ఆ రెండూ కలిసిన చోటు రెట్టింపు చీకటి కాదు. ఎండ ఒక్కసారే ఆగిపోతుంది, రెండోది ఆపడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఆ కలిసిన చోటును వెలిగించకూడదు, కంచె నీడగా అలాగే ఉండాలి. మాస్కులో అక్కడ కంచె నీడ ఆకారాన్ని నల్లగా వదిలేయండి. కంచె నీడ రెండు పక్కలా కనిపిస్తుంది కాబట్టి దాని అంచులను కలుపుతూ గీయడం కష్టం కాదు.

నీడ తల ఎదురుగా ఉన్న మనిషి పాదాల మీదికో బట్టల మీదికో ఎక్కితే అక్కడ క్లోన్‌కు మూలమే దొరకదు. వెలుగు పెంచడం ఒక్కటే దారి. బట్టకూ చర్మానికీ నేలకూ వేరువేరు రంగు జతలు ఉంటాయి కాబట్టి ప్రతిదానికీ విడిగా కొలిచి, విడి కర్వ్స్ లేయరు, విడి మాస్కు పెట్టాలి. ఆ మనిషి సొంత నీడ మాత్రం వాళ్ల వెనక్కి పోతుంది, దాన్ని ముట్టుకోకండి. అది తీసేస్తే మనిషి నేల మీద నిలబడినట్టుండడు.

మోకాలెత్తు గడ్డిలో ఇదంతా సరిగ్గా కుదరదు. నీడ ఒకే తలం మీద కాకుండా పరక పరక మీదా ముక్కలై పడుతుంది, మాస్కు గీయడానికి గీతే దొరకదు. అక్కడ వెలుగు పెంచడాన్ని మసకగా, పెద్ద ఫెదర్‌తో సగం వరకే చేయండి. మిగతాది నాలుగో అడుగులోలాగా పక్క గడ్డి ముక్కలను తెచ్చి, పరకల అంచుల వెంట మాస్కు చేస్తూ కప్పండి.

ఇవన్నీ ముగిశాకే క్లారిటీ, విన్యెట్, షార్పెనింగ్. లేయర్లన్నీ కలిపి కొత్త లేయర్‌గా తీసుకోవడానికి Ctrl+Alt+Shift+E నొక్కి ఆ లేయర్ మీద చేయండి, కింది లేయర్లను విడిగానే సేవ్ చేసుకోండి. పెద్ద సైజులో ప్రింటు తీసినప్పుడు తెరమీద కనిపించని అంచు ఒకటి బయటపడితే, తిరిగి వెళ్లి మాస్కు మీద ఆ ఒక్క చోటు సర్దుకోవడానికి అవి కావాలి.